కూలి పెరిగిందా, కౌలు పెరిగిందా? ఓడలో వచ్చిన గోధుమల కథ

మాది కాకినాడ దగ్గర ఊరు. మా తాతమ్మకి ఒక మాట అలవాటు. ఎవరైనా ఊరొదిలి వెళ్లి ఏళ్ల తరబడి తిరిగి రాకపోతే "రంగం పోయినట్టు పోయాడు" అనేది. రంగం అంటే రంగస్థలం కాదు. రంగూన్. బర్మాలో ఉంది, ఇప్పుడు యాంగాన్ అంటున్నారు. తాతమ్మ అన్నయ్య కూడా అలాగే వెళ్లాడట. మొదట్లో డబ్బులు పంపేవాడు, తర్వాత ఉత్తరాలు మాత్రం వచ్చేవి, ఆ తర్వాత అవీ ఆగిపోయాయి.

ఎందుకు వెళ్లాడు అని అడిగితే "అక్కడ కూలి ఎక్కువ కదరా" అనేది. చిన్నప్పుడు ఆ జవాబు సరిపోయింది. పెద్దయ్యాక సరిపోలేదు. అక్కడ కూలి ఎందుకు ఎక్కువ? ఇక్కడ ఎందుకు తక్కువ? మనుషులు అటు వెళ్లారు, బియ్యం అక్కడి నుంచి ప్రపంచమంతా వెళ్లింది, మరి ఈ రెండింటి మధ్యలో ఆ కూలి ఏమైంది? దీనికి ఒక సిద్ధాంతం ఉంది. కనిపెట్టింది ఇద్దరు స్వీడన్ వాళ్లు. వాళ్లు బర్మా బియ్యం గురించి ఆలోచించి రాసింది కాదు. వాళ్ల చిన్నతనంలో యూరప్ అంతా మాట్లాడుకున్నది అమెరికా గోధుమల గురించి. కాబట్టి ముందు గోధుమల దగ్గరికి వెళ్దాం, చివర్లో రంగూన్‌కి వస్తాను.

1870 నాటికి పరిస్థితి ఎలా ఉందంటే, అమెరికాలో చికాగోలో అమ్మే గోధుమ ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ రేవులో దాదాపు 58 శాతం ఎక్కువ ధరకి అమ్ముడయ్యేది. తేడా అంతా ఎక్కడ పోతోంది? రైలు కిరాయి, ఓడ కిరాయి, మధ్యలో దళారులు. తర్వాతి నలభై ఏళ్లలో అమెరికా మైదానాల్లోకి రైలు పట్టాలు వెళ్లాయి, తెరచాప ఓడల బదులు ఇనుప ఆవిరి ఓడలు వచ్చాయి. 1913కి ఆ తేడా 16 శాతం దగ్గరికి పడిపోయింది. అంటే రెండు ఊళ్ల మధ్య సముద్రం అలాగే ఉంది కానీ, ధరల లెక్కలో అది బాగా కుంచించుకుపోయింది. యూరప్ రేవుల్లో చవక గోధుమ కుప్పలు పడ్డాయి. చరిత్రకారులు దీన్ని ధాన్యం దండయాత్ర అంటారు. పేరు కొంచెం ఎక్కువగా ఉంది కానీ, ఆ రోజుల్లో యూరప్‌లో భూమి ఉన్నవాళ్లకి అది నిజంగా దండయాత్రే.

ఇది చూసి సామాన్యంగా ఎవరైనా ఏమంటారు? "బయటి నుంచి చవక సరుకు వస్తే మన పనివాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టే" అంటారు. ఈ రోజుకీ అంటున్నారు. ఎలి హెక్షర్ అనే స్వీడన్ ఆర్థిక చరిత్రకారుడు 1919లో ఒక వ్యాసం రాశాడు. దాని విషయమే ఇది: విదేశీ వ్యాపారం వల్ల దేశం లోపల ఎవరి వాటా పెరుగుతుంది, ఎవరిది తరుగుతుంది. స్వీడిష్ భాషలో రాశాడు. ఇంగ్లీషులోకి రావడానికి 30 ఏళ్లు పట్టింది! ఈలోగా ఆయన శిష్యుడు బెర్టిల్ ఓలిన్ అదే ఆలోచనని పెంచి 1933లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకంగా తెచ్చాడు. 1977లో ఓలిన్‌కి నోబెల్ వచ్చింది, బ్రిటన్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్‌తో కలిపి. గురువుగారు 1952లోనే పోయారు, ఆర్థిక శాస్త్రానికి ఆ బహుమతి మొదలైందే 1969లో. కాలేజీ పుస్తకాల్లో మాత్రం ఇద్దరి పేర్లూ కలిపి హెక్షర్-ఓలిన్ సిద్ధాంతం అనే ఉంటుంది.

సిద్ధాంతం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఏ దేశంలో ఏది పుష్కలంగా ఉందో, అది ఎక్కువగా పట్టే సరుకుని ఆ దేశం ఎగుమతి చేస్తుంది. మనుషులు పుష్కలంగా ఉన్న దేశం, మనుషుల చేతి పని ఎక్కువ పట్టే సరుకు అమ్ముతుంది. నేల పుష్కలంగా ఉన్న దేశం, నేల ఎక్కువ పట్టే సరుకు అమ్ముతుంది.

ఇక్కడ చాలామంది జారిపడేది "పుష్కలంగా" అన్న మాట దగ్గర. అది తల లెక్క కాదు. దేశంలో ఎంతమంది ఉన్నారు అని కాదు, ఎకరానికి ఎంతమంది ఉన్నారు అని. ఆ రోజుల్లో అమెరికా జనాభా బ్రిటన్ కంటే ఎక్కువే. అయినా అమెరికా "మనుషుల కొరత ఉన్న దేశం", ఎందుకంటే అక్కడ నేల ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. బ్రిటన్ జనాభా తక్కువైనా "మనుషులు పుష్కలంగా ఉన్న దేశం", ఎందుకంటే అంతమందికి ఉన్న నేల పిడికెడు. సరుకుల సంగతీ అంతే. గోధుమకి కూలీలు అక్కర్లేదా? కావాలి. కానీ బట్టతో పోలిస్తే గోధుమకి నేల ఎక్కువ, మనుషులు తక్కువ. రెండు చోట్లా పోలికే. ఒంటరిగా దేన్నీ చూడకూడదు.

ఇప్పుడు కూలి లెక్క. మన తెలుగులో దీనికి భలే జంట మాటలున్నాయి. మనిషి పనికి ఇచ్చేది కూలి. నేల వాడుకున్నందుకు ఇచ్చేది కౌలు. ఈ కథంతా కూలికీ కౌలుకీ మధ్య తాడాట. ఒక కాగితం తీసుకుని వీడియో పాజ్ చేస్తూ చూడండి, రెండు కూడికలే.

ఊరికే లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక తాను బట్ట తయారు కావాలంటే 3 రోజుల కూలి, 1 సెంటు నేల కౌలు పడుతుంది. ఒక బస్తా గోధుమకి తారుమారు: 1 రోజు కూలి, 3 సెంట్ల కౌలు. పోటీ బాగా ఉంది కాబట్టి ఎవరికీ అదనపు లాభం మిగలదు, అమ్మిన డబ్బంతా కూలికీ కౌలుకీ పోతుంది. బట్ట తాను ధర ఎక్కడైనా 400 రూపాయలు అనుకుందాం, దాన్ని కదపొద్దు.

ముందు వ్యాపారం లేని యూరప్. నేల తక్కువ కాబట్టి గోధుమ ప్రియం: బస్తా 400. అప్పుడు కూలి రోజుకి 100, కౌలు సెంటుకి 100. సరిచూడండి: తానుకి మూడు వందలు ప్లస్ వంద, నాలుగు వందలు. బస్తాకి వంద ప్లస్ మూడు వందలు, నాలుగు వందలు. సరిపోయింది.

వ్యాపారం లేని అమెరికా. నేలకి కొదవ లేదు, గోధుమ చవక: బస్తా 240. అప్పుడు కూలి 120, కౌలు 40. తానుకి 360 ప్లస్ 40, నాలుగు వందలు. బస్తాకి 120 ప్లస్ 120, రెండు వందల నలభై. ఇదీ సరిపోయింది. అమెరికాలో కూలి ఎక్కువ, కౌలు తక్కువ. స్వీడన్ నుంచి పది లక్షల మందికి పైగా జనం ఓడలెక్కి అమెరికా వెళ్లింది ఈ తేడా చూసే.

ఇప్పుడు ఓడలు చవకయ్యాయి. గోధుమ ఇటు, బట్ట అటు. రెండు చోట్లా బస్తా ధర కలిసిపోయి 320 దగ్గర ఆగింది అనుకుందాం. మళ్లీ అదే రెండు కూడికలు వేయండి. కూలి 110, కౌలు 70. తానుకి 330 ప్లస్ 70, నాలుగు వందలు. బస్తాకి 110 ప్లస్ 210, మూడు వందల ఇరవై.

ఏం జరిగిందో చూశారా? యూరప్‌లో గోధుమ ధర 20 శాతం తగ్గింది. కానీ కౌలు 20 శాతం కాదు, 30 శాతం తగ్గింది. కూలి అసలు తగ్గనే లేదు, 10 శాతం పెరిగింది! అమెరికాలో గోధుమ ధర మూడో వంతు పెరిగింది, కౌలు 40 నుంచి 70కి ఎగిరింది, కూలి 120 నుంచి 110కి దిగింది. అంటే సరుకు ధర కొంచెం కదిలితే, దాని వెనకున్న నేల కౌలు అంతకంటే పెద్ద ఊపు ఊగుతుంది. రెండోవాడి వాటా ఎదురు దిశలో నడుస్తుంది.

"ధరలు కూడా మారాయి కదా, మరి కూలీ చేతిలో నిజంగా ఏం మిగిలింది?" అనే డౌట్ రావాలి. వచ్చిందా? యూరప్ కూలీ ఒక బస్తా గోధుమ కొనాలంటే ముందు 4 రోజులు పని చేయాలి. ఇప్పుడు మూడు రోజుల్లోపే. బట్ట తాను కొనడానికి కూడా ముందు కంటే తక్కువ పని చాలు. అమెరికా కూలీకి ముందు రెండు రోజుల కూలితో బస్తా వచ్చేది, ఇప్పుడు దాదాపు మూడు రోజులు. బట్టకీ అతనికి ముందు కంటే కొంచెం ఎక్కువ పని పడుతోంది. అంటే "ఏది కొంటాడు అన్నదాన్ని బట్టి ఉంటుంది" అని తప్పించుకోవడానికి లేదు. ఏది కొన్నా యూరప్ కూలీ బాగుపడ్డాడు, ఏది కొన్నా అమెరికా కూలీకి తగ్గింది.

ఈ చివరి మాటని గట్టిగా రుజువు చేసింది వుల్ఫ్‌గాంగ్ స్టోల్పర్, పాల్ శామ్యూల్‌సన్. 1941లో. అప్పటిదాకా చాలామంది ఆర్థికవేత్తలు, వ్యాపారంతో దేశం మొత్తానికి లాభమే కాబట్టి కూలీలకీ చివరికి ఏదో రకంగా మేలే జరుగుతుందని సరిపెట్టేవాళ్లు. వీళ్లిద్దరూ లేదు, ఒక దేశం మొత్తంగా లాభపడుతూనే ఆ దేశపు కూలీలు నిజంగా నష్టపోవచ్చు అని లెక్కేసి చూపించారు. ఆ వ్యాసాన్ని అమెరికాలోని పేరున్న పత్రిక ఒకటి వెనక్కి పంపింది, ఇంగ్లండ్ పత్రికలో అచ్చయింది. ఎందుకు పంపిందో నాకు ఆశ్చర్యమేం లేదు. పెద్దలకి నచ్చే మాట కాదది.

సరే, కాగితం మీద లెక్క అయింది. నిజంగా మనుషులు అలాగే ప్రవర్తించారా? నాకు చరిత్రలో ఇష్టమైన భాగం ఇదే. ఎందుకంటే ఈ సిద్ధాంతం పుట్టక ముందే జనానికి దాని ఫలితం అర్థమైపోయింది. ఎవరు ఏం అరిచారో చూడండి.

బ్రిటన్‌లో ధాన్యం దిగుమతి మీద సుంకాల చట్టాలు 1846లోనే రద్దయ్యాయి. ధాన్యం ఓడలు వచ్చినప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి. 1870ల చివరి నుంచి అక్కడ వ్యవసాయ భూముల కౌళ్లు పడుతూ వచ్చాయి. జమీందారీ కుటుంబాలు గగ్గోలు పెట్టాయి. 1903లో జోసెఫ్ ఛాంబర్లేన్ అనే నాయకుడు మళ్లీ సుంకాలు పెడదాం అని ప్రచారం మొదలుపెట్టాడు. దానికి ఎదురుగా లిబరల్ పార్టీ వాళ్లు ఏం చేశారో తెలుసా? ఒక పోస్టర్ వేశారు. అందులో రెండు రొట్టెలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది స్వేచ్ఛా వ్యాపారం రొట్టె, చిన్నది సుంకాల రొట్టె. అంతే! 1906 ఎన్నికల్లో లిబరల్స్ భారీ మెజారిటీతో గెలిచారు. గెలుపుకి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ మనం ఇందాక నాలుగు రోజులకి బదులు మూడు రోజులు అని వేసిన లెక్కని ఆ ఫ్యాక్టరీ కార్మికుడు రొట్టె సైజులో చూశాడు.

జర్మనీలో కథ ఇంకో దారి పట్టింది. తూర్పు జర్మనీలో యుంకర్లు అనే పెద్ద భూస్వాములున్నారు. పలుకుబడి ఉన్నవాళ్లు. ఉక్కు ఫ్యాక్టరీల యజమానులతో చేతులు కలిపారు, 1879లో బిస్మార్క్ ధాన్యం మీదా ఉక్కు మీదా సుంకం వేశాడు. దాన్ని ఇనుముకీ రై ధాన్యానికీ జరిగిన పెళ్లి అని చరిత్రకారులు ఎగతాళిగా అంటారు. రొట్టె మీద పన్ను వేశారని వ్యతిరేకించింది ఎవరు? కార్మికుల పార్టీ. హెక్షర్ సొంత దేశం స్వీడన్ కూడా 1888లో ధాన్యం మీద సుంకం పెట్టింది. అప్పుడు ఆయన చిన్న పిల్లాడు. ఇంట్లో, బడిలో, పేపర్లో ఈ గొడవ వింటూ పెరిగినవాడు పెద్దయ్యాక వ్యాపారం వల్ల ఎవరి వాటా మారుతుంది అని వ్యాసం రాశాడంటే అది గాల్లోంచి ఊడిపడిన ప్రశ్న కాదు.

అట్లాంటిక్‌కి అవతల సీన్ రివర్స్. అమెరికాలో గోధుమ, పత్తి పండించేవాళ్లు సుంకాలు వద్దన్నారు. ఫ్యాక్టరీల వైపు వాళ్లు, యజమానులూ కార్మికులూ కూడా, "యూరప్ పేద కూలీలు చేసిన చవక సరుకు మన కూలి తగ్గిస్తుంది" అని సుంకాలు కావాలన్నారు. ఒకే గోధుమ, ఒకే ఓడ. ఒక ఒడ్డున కార్మికుడు తలుపు తెరవమన్నాడు, ఇంకో ఒడ్డున కార్మికుడు తలుపు మూయమన్నాడు. ఇద్దరూ తమ తమ లెక్కల్లో కరెక్టే. నన్నడిగితే "గ్లోబలైజేషన్ కార్మికుడికి మంచిదా చెడ్డదా" అని టీవీ డిబేట్లలో అడిగే ప్రశ్నే తప్పు. ఎక్కడి కార్మికుడికి అని అడగాలి.

ఇప్పుడు మీలో ఒకరు పట్టుకునే పాయింట్: "అన్నా, అమెరికాలో ఆ కాలంలో కూలి తగ్గలేదు కదా, పెరిగింది కదా?" నిజమే. పెరిగింది. కొత్త యంత్రాలు, కొత్త ఫ్యాక్టరీలు, దేశం మొత్తం ఎదుగుతోంది. మన కాగితం లెక్కలో ఇవేవీ లేవు, అక్కడ టెక్నాలజీ కదలకుండా నిలబడి ఉంది. అందుకే చరిత్రకారులు కూలిని ఒంటరిగా కాకుండా కూలికీ భూమి విలువకీ ఉన్న నిష్పత్తిని చూస్తారు. కెవిన్ ఓరూర్క్, జెఫ్రీ విలియమ్‌సన్ అనే ఇద్దరు ఆ పని చేశారు. ఆ నిష్పత్తి బ్రిటన్ లాంటి తలుపు తెరిచిన యూరప్ దేశాల్లో పెరిగింది, అమెరికా, అర్జెంటీనా లాంటి నేల దేశాల్లో పడింది. దిశ కరెక్టే. కాకపోతే దానంతటికీ గోధుమ ఒక్కటే కారణం కాదు. యూరప్ నుంచి కోట్లమంది వలస వెళ్లారు. అటు మనుషులు పెరిగితే అటు కూలి తగ్గుతుంది, ఇటు మనుషులు తగ్గితే ఇటు పెరుగుతుంది. మనిషే ఓడెక్కినా, మనిషి పని దాగున్న బట్ట తాను ఓడెక్కినా కూలి మీద పడే ఒత్తిడి ఒకే వైపుకి.

డెన్మార్క్ గురించి ఒక్క మాట. వాళ్లు సుంకం పెట్టలేదు. ధాన్యం చవకైంది కదా అని ఆ ధాన్యాన్నే పశువులకీ పందులకీ మేపి, వెన్నా పంది మాంసమూ ఇంగ్లండ్‌కి అమ్మారు. 1882లో మొదటి సహకార డెయిరీ పెట్టారు. నేల తక్కువ పట్టే, మనిషి పని ఎక్కువ పట్టే సరుకు వైపు జరిగారన్నమాట.

సిద్ధాంతానికి గట్టి దెబ్బ కూడా తగిలింది, అది చెప్పకుండా వెళ్తే మోసం చేసినట్టు. 1953లో వాసిలీ లియాంటీఫ్ అనే ఆర్థికవేత్త అమెరికా 1947 లెక్కలు తీశాడు. ఈసారి నేల, మనిషి కాదు, యంత్రాలూ మనుషులూ. ప్రపంచంలో మనిషికి ఎక్కువ యంత్రాలున్న దేశం అమెరికా. కాబట్టి యంత్రాలు ఎక్కువ పట్టే సరుకు అమ్మి, మనుషులు ఎక్కువ పట్టే సరుకు కొనాలి. తీరా చూస్తే, దిగుమతులకి పోటీగా అమెరికాలో తయారయ్యే సరుకులో మనిషికి పట్టే పెట్టుబడి, ఎగుమతి సరుకులో కంటే దాదాపు 30 శాతం ఎక్కువ. పూర్తిగా తలకిందులు! దీన్ని సరిచేయడానికి ఎన్నో వివరణలు వచ్చాయి. అన్నిటిలో నాకు నచ్చింది ఏంటంటే, "కార్మికుడు" అని అందరినీ ఒకే గంపలో వేయకూడదు. చదువూ నైపుణ్యమూ ఉన్న మనిషి వేరే వనరు. అమెరికా అమ్మింది అలాంటి మనుషుల పని. రెండు వనరుల బొమ్మ ప్రపంచం అంతటికీ సరిపోదు. కానీ నేలా మనిషీ మాత్రమే ముఖ్యమైన చోట, గోధుమా బియ్యమూ కథ నడిపిన కాలంలో, ఆ బొమ్మ బాగానే పని చేసింది.

బియ్యం అన్నాను కదా. ఇప్పుడు రంగూన్.

బ్రిటిష్ వాళ్లు 1852లో దిగువ బర్మాని ఆక్రమించారు. ఐరావతి నది డెల్టా. అప్పటికి చాలా భాగం అడవి, బురద నేల, మనుషులు పలచగా ఉన్నారు. 1869లో సూయజ్ కాలువ తెరిచారు, యూరప్ దగ్గరైంది. బియ్యం ధర పెరిగింది, అడవి నరికి వరి వేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసింది బర్మానే. ఏడాదికి సుమారు 30 లక్షల టన్నుల దాకా వెళ్లింది.

మన లెక్కలో పెట్టి చూడండి. నేల ఎక్కువ, మనిషి తక్కువ. అంటే బర్మా చిన్న సైజు అమెరికా. కూలి ఎక్కువ, అందుకే మనవాళ్లు విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కారు. కాకినాడ పక్కన కోరంగి ఉంది చూశారా, ఇప్పుడు మడ అడవుల్లో సెల్ఫీలు దిగడానికి వెళ్తున్నాం, ఒకప్పుడు అది పెద్ద రేవు. ఆ పేరు మీదే బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనేవాళ్లు. మేస్త్రీలు ఊళ్లలో అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లేవాళ్లు. రైస్ మిల్లులు, ఓడరేవు మూటలు, కోతలు, రిక్షాలు. 1931 నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా జనం భారతీయులే.

మరి అక్కడ ఎవరు బాగుపడాలి? బియ్యం ధర పెరిగితే నేల ఉన్నవాడు. కూలి వెనకబడాలి. పైగా మనుషులు కూడా వరదలా వస్తున్నారు కాబట్టి ఇంకా వెనకబడాలి. అలాగే జరిగింది. విలియమ్‌సన్ వేసిన లెక్కల్లో భూమితో పోలిస్తే కూలి బాగా పడిపోయిన దేశాల్లో బర్మా ఒకటి. తాతమ్మ అన్నయ్య వెళ్లింది ఎక్కువ కూలి కోసమే, అబద్ధం కాదు, మన ఊరి కూలి కంటే ఎక్కువే. కానీ అతను దిగిన ఒడ్డున లెక్క కూలీ వైపు వంగి లేదు. నేల వైపు వంగి ఉంది.

1930 వచ్చింది. ప్రపంచ మాంద్యం. బియ్యం ధర దాదాపు సగానికి పడింది. ఇక్కడ కాగితం మీది లెక్క ఏం చెబుతుంది? బియ్యం పడితే కౌలు ఇంకా ఎక్కువ పడాలి, కూలి పెరగాలి. ఎలా పెరుగుతుంది? పొలాల్లో పని పోయిన మనుషుల్ని బట్ట ఫ్యాక్టరీలు తీసుకుంటాయి కాబట్టి. ఇంగ్లండ్‌లో పొలం వదిలిన కూలీకి పట్నంలో మిల్లు ఉంది, అందుకే అక్కడ లెక్క కుదిరింది. బర్మాలో ఆ మిల్లు ఎక్కడుంది? బట్ట మాంచెస్టర్ నుంచి, బొంబాయి నుంచి వస్తోంది. పొలంలో పని పోతే వెళ్లడానికి ఇంకో చోటు లేదు. సిద్ధాంతంలో ఎవరూ పట్టించుకోని ఒక చిన్న షరతు ఉంది: పని పోయినవాడికి రెండో రంగంలో పని దొరకాలి. ఆ షరతు విరిగితే కూలీకి రావలసిన లాభం రాదు.

ఉన్న కాస్త పని కోసం మనుషులు మనుషుల మీద పడ్డారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ల చోట బర్మా కూలీల్ని దించాయి. తర్వాత తెలుగువాళ్లతో రాజీ కుదిరింది, వాళ్లు పనిలోకి తిరిగి వచ్చారు, బర్మా కూలీల్ని పొమ్మన్నారు. అక్కడే గొడవ రేగి నగరమంతా పాకింది. వందకి పైగా మనుషులు చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. కూలీని కూలీ చంపుకున్నాడు. కూలి ఎంతుండాలో నిర్ణయించినవాళ్లు ఆ రేవులో ఎవరికీ కనబడలేదు.

నేల ఉన్న రైతు కూడా మిగల్లేదు. బియ్యం ధర ఉన్నప్పుడు నేల తాకట్టు పెట్టి చెట్టియార్ల దగ్గర అప్పు తెచ్చుకున్నాడు. ధర పడ్డాక కట్టలేకపోయాడు. 1930లో దిగువ బర్మా ముఖ్యమైన వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్న నేల ఆరు శాతం, 1937కి 25 శాతం. వాళ్లు నేల కోసం వచ్చినవాళ్లు కాదు, వడ్డీ కోసం వచ్చినవాళ్లు. డబ్బు రాక నేల వచ్చి మీద పడింది.

తాతమ్మ అన్నయ్య ఆఖరి ఉత్తరం ఏ సంవత్సరానిదో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. కాగితం పోయింది. అందులో ఏముందో మాత్రం తాతమ్మ చెప్పేది. ఇక్కడ పని దొరకడం లేదు, ఓడ కిరాయికి డబ్బులుంటే పంపండి అని రాశాడట. ఇంట్లో లేవు.